పద్నాలుగు ఇంజన్లు, మాది కాని నంబరు

తిరుపతి వాణిజ్య పన్నుల ఆఫీసు అటెండరు వడమాలపేటలో బస్సు దిగి నేరుగా మా షాపుకు వచ్చాడు. ఒక కవరు నా చేతికిచ్చి, తన పుస్తకంలో సంతకం పెట్టించుకుని, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. కవరు చించేటప్పుడు నాకు ఏ బెదురూ లేదు. ప్రతి నెలా ఇరవయ్యో తేదీ దాటకుండా రిటర్ను వేసేదాన్ని. ఎగ్గొట్టింది ఏమీ లేదు. లోపల మూడు పేజీల నోటీసు ఉంది. రెండో పేజీలో ఆరు ఇన్‌వాయిస్‌ల నంబర్లు వరసగా కొట్టి, కింద ఇలా రాశారు. ఈ ఆరింటి మీద మీరు తీసుకున్న క్రెడిట్ అమ్మినవారి రికార్డులతో సరిపోలడం లేదు, కాబట్టి దాన్ని రద్దు చేసి జరిమానాతో సహా వసూలు చేయదలిచాం, అభ్యంతరాలుంటే వారం లోపల రాసి ఇవ్వండి.

చదివి పూర్తి చేసి, ఆ ఆరు నంబర్ల కిందా పెన్సిలుతో గీత గీశాను.

మాది ఆయిల్ ఇంజన్లు, మోటార్లు, పైపులు అమ్మే షాపు. మా మామ పెట్టింది. ఆయన నాకు పెళ్ళితో మాత్రమే మామ అయినవాడు కాదు, మా అమ్మ సొంత తమ్ముడు. ఆయన కొడుకునే చేసుకున్నాను. మా ఆయన ఇంజన్లు బిగించడానికి, బాగుచేయడానికి ఊళ్ళు తిరిగేవాడు. బి.కాం. చదివిన దాన్నని లెక్కల బల్ల నాకు అప్పజెప్పారు. అప్పటికి పాత సేల్స్ ట్యాక్స్ పోయి వ్యాట్ వచ్చి రెండేళ్ళు దాటింది. మామకు ఆ కొత్త పన్ను తల తిరిగే సంగతి. నాకేమో అది బాగా నచ్చేది. నెల్లూరు హోల్‌సేల్ వ్యాపారి దగ్గర ఇంజను కొన్నప్పుడు మేం కట్టిన పన్నును, అదే ఇంజను రైతుకు అమ్మి వసూలు చేసిన పన్నులోంచి తీసేసుకుని, మిగిలింది మాత్రం ప్రభుత్వానికి కట్టడం. అట్లా తీసేసుకునేదే క్రెడిట్. లెక్క ఎంత శుభ్రంగా ఉందో అనుకునేదాన్ని.

ఫైలు తెరిచి ఆ ఆరు ఇన్‌వాయిస్‌లూ బయటకు తీశాను. అసలు కాపీలే. షాపు పేరు మాదే. ఊరు వడమాలపేటే. సరుకు పద్నాలుగు డీజిల్ ఇంజన్లు, ఒక్కోదాని నంబరు విడిగా కొట్టి ఉంది. మొత్తాలు పైసలతో సహా సరిపోయాయి. మరి సరిపోలనిది ఏమిటి? మళ్ళీ మొదటి నుంచి చదివాను. మూడోసారి చదువుతుంటే, పైన కుడివైపు చిన్న అక్షరాల్లో ఉన్న గీత మీద కన్ను ఆగింది. కొనుగోలుదారు రిజిస్ట్రేషన్ నంబరు. పదకొండు అంకెలు. మొదటి రెండూ ఇరవై ఎనిమిదే, రాష్ట్రంలో అందరికీ అంతే. ఆ తర్వాతి అంకెలు మావి కావు.

ఆరింటి మీదా అదే నంబరు. ఆరూ నా చేతుల మీదుగా ఫైల్లోకి వెళ్ళినవే. అడుగున నిలువుగా కూడి సరిచూసి టిక్కు పెట్టింది నేనే. పైన ఉన్న నంబరు వంక ఒక్కసారి కూడా చూడలేదు.

మామ పైపుల లోడు దింపించుకుని వచ్చి నా ముఖం చూశాడు.

"ఏమైందమ్మా?"

చెప్పాను. ఆయనకు సగమే అర్థమైంది.

"సరుకు వచ్చింది నిజం కదా. డీడీ తీసి డబ్బు పంపించినాం కదా. ఇంక వాళ్ళకేం కావాలంట?"

"నంబరు మనది కాదు మామా. నెల్లూరాయన అమ్మకాల పుస్తకంలో ఈ ఇంజన్లు ఇంకెవురో కొన్నట్టు ఉండాది."

"ఇంకెవురు?"

అదే తెలియదు. తప్పు నాదన్న సిగ్గు ఒకవైపు, ఆ ఇంకెవరో ఎవరన్న ఆత్రం ఒకవైపు. ఎందుకో మరి, ఆత్రమే ఎక్కువగా ఉండింది.

మరుసటి రోజు పొద్దున్నే ఇద్దరం తిరుపతి పోయాం. మా రిటర్నులు చూసే ఆడిటరు గది గాంధీ రోడ్డు పక్క సందులో, మేడ మీద ఉండేది. ఆయన నోటీసు చదివి, ఇన్‌వాయిస్‌లు తిరగేసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"నెలనెలా మనం వేసే రిటర్నులో ఇన్‌వాయిస్‌ల వివరాలుండవు కదమ్మా, మొత్తాలే ఉంటాయి. అందుకే ఇన్నాళ్ళూ ఎవురికీ కనబళ్ళేదు. ఆడిట్‌కి పన్ను ఆఫీసోళ్ళు వచ్చినప్పుడు మీ కొనుగోళ్ళ పట్టీ తీసుకుపోయినారు సూడు, దాన్ని నెల్లూరు ఆఫీసుకి పంపించినారు. ఆడ అమ్మినాయన పుస్తకం తెరిచి సూస్తే ఈ ఆరు బిల్లులూ వేరే నంబరు కింద ఉన్నాయి. మీరు కొన్న ఇంజన్లు మీరు కొన్నట్టు ఆడ లేదు."

"మేం వేసిన రిటర్ను సవరించాల్నా?" అని అడిగాను.

"రిటర్నులో అంకె తప్పు లేదు కదా, ఏం సవరిస్తావు? తప్పంతా ఇన్‌వాయిస్ మీద, ఆయన పుస్తకంలో. ఇంకోమాట జాగ్రత్తగా విను. ఎవురూ వాటి మీద పెన్నుతో దిద్దకూడదు. పాత తేదీ వేసి కొత్త బిల్లులు కొట్టించుకుని రాకూడదు. అట్ట చేస్తే ఉన్న నిజం కూడా దొంగ అయిపోతుంది. తప్పు తప్పుగానే ఉండనీ. దాని పక్కన రుజువులు పెడదాం."

రుజువులేమిటో ఒక చీటీ మీద రాసిచ్చాడు. నంబరు పొరపాటున పడిందని అమ్మినాయన తన లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఇవ్వాలి. ఆ సంగతే ఆయన నెల్లూరు అధికారికీ రాసి, పుస్తకంలో సవరణ చూపించాలి. మా డీడీలు, లారీ రసీదులు జతచేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ నంబరు ఎవరిదో వాళ్ళు ఈ ఇంజన్లు మేం కొనలేదు, వాటి మీద క్రెడిట్ తీసుకోలేదు అని రాసివ్వాలి. ఒకే సరుకు మీద ఇద్దరు క్రెడిట్ తీసుకుని ఉంటే మాత్రం పని చెడినట్టే. గడువు చాలదు కాబట్టి ఇంకో రెండు వారాలు కావాలని అప్పటికప్పుడే అర్జీ రాసి నా చేత సంతకం పెట్టించాడు.

"ఆ నంబరు ఎవురిదో యాడ తెలుస్తాది?" అన్నాడు మామ.

కింద వీధిలో నెట్ సెంటరు ఉంది. వాణిజ్య పన్నుల శాఖ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే డీలరు పేరు, ఊరు చూపిస్తుంది. చెక్క గదిలో ఒకే కుర్చీ. నేను కూర్చుంటే మామ నా వెనక నిలబడ్డాడు. ఒక్కొక్క అంకె చదివి కొట్టాను. పేజీ పైనుంచి కిందకు కొంచెం కొంచెంగా తెరుచుకుంటోంది. ముందు శాఖ పేరు వచ్చింది, తర్వాత ఖాళీ పట్టిక, ఆ తర్వాత అక్షరాలు.

షాపు పేరు రెండుసార్లు చదివాను. అది మా షాపు పేరే. ఒక్క అక్షరం తేడా లేదు.

మా పక్క ఇది వింతేమీ కాదు. కొండ మీది స్వామి పేరు పెట్టుకోని షాపును వెతుక్కోవాలి. తిరుపతిలోనే కాదు, నెల్లూరు, ప్రకాశం దాకా ఆయన పేరున్న బోర్డులే. ఊరు చూశాను. సూళ్ళూరుపేట అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లె.

"చెరువులో చేపలు పట్టేవాళ్ళకి మన ఇంజన్లతో ఏం పని?" అన్నాడు మామ. ఆయనే వెంటనే నాలుక కరుచుకున్నాడు. "పడవలకు. పడవలకు బిగిస్తారు పాపా. ఇదే ఇంజను."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నోటీసు వచ్చినప్పటి నుంచి ఆయన నవ్వడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక కూడా నాకు కాలు నిలవలేదు.

మర్నాడు తెల్లవారే బస్సెక్కి నెల్లూరు చేరాం. హోల్‌సేల్ షాపు ట్రంకు రోడ్డు మీద ఉంది. యజమాని మామకు ఇరవై ఏళ్ళుగా తెలిసినవాడు. కుర్చీలు వేయించి, కాఫీ తెప్పించాడు. సంగతి విన్నాక మాత్రం ముఖం మారిపోయింది.

"మా బిల్లుల్లో తప్పు పడదండీ. అంతా కంప్యూటరే కదా."

"ఆ కంప్యూటర్ని ఒకసారి సూపిస్తారా?" అన్నాను.

బిల్లులు కొట్టే గుమాస్తా యాభై దాటినవాడు. నెమ్మదస్తుడు. ఆయన వేళ్ళనే చూస్తూ నిలబడ్డాను. పార్టీ పేరు దగ్గర మొదటి మూడు అక్షరాలు కొట్టాడు. చిన్న పట్టీ తెరుచుకుంది. అందులో మా షాపు పేరు రెండుసార్లు ఉంది, ఒకదాని కింద ఒకటి. ఊరు లేదు, మరే గుర్తూ లేదు. ఆయన మామూలు ప్రకారం పైదాని మీద ఎంటర్ నొక్కాడు. నంబరు దానంతటదే వచ్చి పడింది. ఊరు ఉండాల్సిన చోట కర్సరు ఆగింది. అక్కడ ఆయన చేత్తో వడమాలపేట అని కొట్టాడు.

"ఆగండి," అన్నాను. "ఇప్పుడు రెండోదాని మీద నొక్కండి."

నొక్కాడు. మా నంబరు వచ్చింది.

గుమాస్తా మళ్ళీ పైదాని మీద నొక్కి చూశాడు, మళ్ళీ కిందిదాని మీద. తర్వాత చాలా మెల్లగా, "కంప్యూటరు మార్చినప్పటి నుంచి ఇట్టాగే కొడుతున్నా అమ్మాయ్," అన్నాడు. "ఊరు నా చేత్తో కొడుతున్నా గదా, అంతా సరిగ్గానే ఉందనుకున్నా."

ఆయన మీద కోపం రాలేదు నాకు. ఆయన చూడని చోటే నేనూ చూడలేదు. చిత్రమేమంటే, బాకీల ఖాతా పాత పద్ధతిలో చేత్తో రాసే పుస్తకంలో ఉంది. అక్కడ ఆ పద్నాలుగు ఇంజన్లూ మా పేజీలోనే, మా ఊరి పేరు కిందే ఉన్నాయి. మా డీడీలు ఒక్కొక్కటీ ఆ పేజీలోనే జమ అయ్యాయి. ఆ పేజీ కనబడగానే మామ కళ్ళకద్దుకున్నాడు.

యజమాని ఆ పేజీని మా బిల్లుల పక్కన పెట్టి చూసుకున్నాడు. చివరికి, "ఉత్తరం ఇస్తానండీ, మా ఆఫీసుకీ రాస్తాను," అన్నాడు. "కానీ పులికాట్ ఆయన వాటి మీద క్రెడిట్ తీసుకోలేదని నాకు తెలియాలిగా. ఆయన రాసిచ్చిన కాగితం తీసుకురండి. అది చూశాకే నా సంతకం."

ఆ మధ్యాహ్నమే సూళ్ళూరుపేట బస్సెక్కాం. అక్కడ దిగి ఆటో మాట్లాడుకున్నాం. రోడ్డుకు రెండు పక్కలా నీళ్ళు. నేను అంతవరకూ పులికాట్ చూడలేదు. దూరంగా తెల్లటి కొంగల గుంపు నీళ్ళలో నిలబడి ఉంది. ఇంకో రోజైతే ఆటో ఆపించేదాన్ని. ఆ రోజు నా కళ్ళు బోర్డుల కోసమే వెతికాయి.

షాపు చిన్నది. బయట నైలాను తాళ్ళు, వల చుట్టలు. లోపల నేల మీద మా ఇంజన్ల లాంటివే రెండు. మా షాపు పేరు వేరే చోట వేరే రంగుల్లో చూస్తే వింతగా ఉండింది. గల్లా దగ్గర లుంగీ కట్టుకున్న పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మామ ముందు తన పేరు, ఊరు చెప్పుకుని, తర్వాత షాపు పేరు చెప్పాడు. ఆయన లేచి నిలబడ్డాడు.

"మీరేనా నా నంబరు వాడుకుంటున్నది?"

నేను సంచిలోంచి ఫైలు తీశాను.

"పదిరోజులైంది నాకు కాయితం వచ్చి," అన్నాడాయన. "పద్నాలుగు ఇంజన్లు కొని లెక్కలో చూపించలేదంట నేను. దొంగతనంగా అమ్ముకున్నానంట. యాడ అమ్మావో చెప్పమంటారు. నేను కొంటే గదా అమ్మేది. నలభై ఏళ్ళుగా ఈ రేవులో వ్యాపారం చేస్తా ఉన్నా. ఏనాడూ ఇట్టాంటి మాట పడింది లేదు."

నాకు అప్పటిదాకా తట్టని విషయం అది. మాకు క్రెడిట్ పోయిందన్నదే నా గోల. ఆ నంబరు అవతలివైపు ఒక మనిషి ఉన్నాడనీ, మా ఇంజన్లు ఆయన మెడకు చుట్టుకున్నాయనీ ఆలోచించనేలేదు.

మామ చేతులు జోడించాడు. "పెద్దాయనా, మేం నీ నంబరు వాడుకోలేదు. నీకు పడినట్టే మాకూ పడినాది. మా కోడలు చెప్తాది, ఒక్క నిమిషం విను."

ఇన్‌వాయిస్‌లు బల్ల మీద పరిచాను. నెల్లూరులో చూసిందంతా చెప్పాను. ఒకే పేరు రెండుసార్లు ఉన్న పట్టీ, పైదాని మీద నొక్కిన గుమాస్తా వేలు, చేత్తో కొట్టిన ఊరి పేరు. ఆయన ముందు నిలబడే విన్నాడు. తర్వాత కూర్చున్నాడు. తన నోటీసు తీసి నా ముందు పెట్టాడు. అందులో అవే ఆరు ఇన్‌వాయిస్‌ల నంబర్లు. రెండు నోటీసులూ పక్కపక్కన పెట్టి వరసగా చదివాను. మా దగ్గర లేదన్నది ఆయన దగ్గర ఉందంటున్నారు. ఆయన దగ్గర ఉందన్నది మా దగ్గర ఉంది.

ఆయన కొంచెం ముందుకు వంగాడు. "ఇంజను నంబర్లున్నాయిగా వీటి మీద," అన్నాడు. "నేనమ్మిన ప్రతి ఇంజనుకీ నంబరు, పడవ ఓనరు పేరు రాసుకుంటా. సముద్రంలో ఇంజను ఆగిపోతే నా దగ్గరికే వస్తారు మరి. ఈ నంబర్లలో ఒక్కటైనా నా పుస్తకంలో ఉందేమో చూడు."

గళ్ళ పుస్తకం మా ఇద్దరి మధ్యా తెరిచి పెట్టాడు. నేను ఇన్‌వాయిస్‌లో నంబరు చదవడం, ఆయన పేజీలు తిప్పడం. పద్నాలుగూ చదివాను. ఒక్కటీ లేదు. చివరిది చదివి పుస్తకం మూసేసరికి నాకు ఒకటి తట్టింది. ఆయన దగ్గర లేవని ఆయన పుస్తకం చెప్తోంది. మా దగ్గర ఉన్నాయని మా బిల్లులు చెప్పగలవు. రైతుకు రాసే ప్రతి బిల్లు మీదా ఇంజను నంబరు వేయమని మామ నా వెంటపడేవాడు. వారంటీ తగాదా వస్తే పనికొస్తుందని. ఎన్నోసార్లు విసుక్కున్నాను దానికి.

"మామా, మన బిల్లులు," అన్నాను.

ఆయనకు వెంటనే తెలిసిపోయింది. "అన్నిటి మీదా వేసినావా?"

"వేసినాననే అనుకుంటా."

పెద్దాయన కాగితం మీద రాసిచ్చాడు. ఈ ఆరు ఇన్‌వాయిస్‌ల సరుకు నాకు రాలేదు, డబ్బు నేను కట్టలేదు, క్రెడిట్ తీసుకోలేదు అని. సంతకం పెట్టి షాపు ముద్ర వేశాడు. తన పుస్తకంలోని పేజీలు జిరాక్సు తీయించాడు. మేం లేవబోతుంటే మామ భుజం మీద చెయ్యి వేసి, "అన్నం తినకుండా యాడికి పోతారు," అన్నాడు. ఆయన భార్య రొయ్యల కూర, చారు వడ్డించింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. మొదట మమ్మల్ని దొంగలనుకున్న మనిషి విస్తట్లోకి రెండోసారి కూర వేయమని భార్యకు చెబుతుంటే, నాకు కళ్ళు తిప్పుకోవలసి వచ్చింది.

ఆ రాత్రికి మళ్ళీ నెల్లూరు పోయి, చుట్టాలింట్లో పడుకుని, పొద్దున్నే హోల్‌సేల్ యజమాని చేత ఉత్తరం మీద సంతకం పెట్టించుకున్నాం. ఆయన ఆఫీసుకు రాసిన ఉత్తరం కాపీ కూడా ఇచ్చాడు. మా ఖాతా పేజీ నకలు తీయించి, కింద సంతకం పెట్టించి ఇచ్చింది ఆ గుమాస్తానే.

ఇంటికొచ్చీ రాగానే బిల్లు పుస్తకాలు ముందేసుకున్నాను. ఇన్‌వాయిస్‌లోని పద్నాలుగు నంబర్లూ ఒక కాగితం మీద రాసుకున్నాను. బిల్లులో ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా చుట్టూ సున్నా చుట్టాను. పుత్తూరు దగ్గర మామిడి తోటాయనకు ఒకటి. నగరి రైతుకు ఒకటి. పూతలపట్టులో అన్నదమ్ములకు రెండు. తొమ్మిది, పది, పదకొండు. మామ పక్కనే కూర్చుని పైకి లెక్కపెడుతున్నాడు. పదమూడు దగ్గర ఆగిపోయాం. పద్నాలుగోది ఏ బిల్లులోనూ లేదు.

ఒక బిల్లులో మాత్రం ఇంజను అని రాసి, నంబరు రాయలేదు నేను. కొన్న మనిషి చిత్తూరు దారిలో చెరుకు గానుగ పెట్టుకున్న రైతు. ఆ రోజు షాపులో జనం ఎక్కువున్నారో, నాకు ఒంట్లో బాగాలేదో, ఇప్పుడు చెప్పలేను.

"అది నేనే బిగించినా," అన్నాడు మా ఆయన. "బెల్లం వండే కాడ ఉండాది. పోయి సూసొద్దాం పద."

ఇద్దరం స్కూటరు మీద పోయాం. దారి పొడుగునా నా మనసు ఒక్కచోట లేదు. ఆ రైతు ఇంజనును వేరే ఎవరికైనా అమ్మేసి ఉంటే? నంబరు పలక ఊడిపోయి ఉంటే? అసలు ఆ నంబరే కాకపోతే? దూరం నుంచే బెల్లం వాసన వచ్చింది. పొలం మధ్య పాకలో పెద్ద పెనంలో చెరుకు రసం పొంగుతోంది. పక్కనే గానుగ, దానికి బెల్టుతో కలిపిన ఇంజను దడదడలాడుతోంది.

మా ఆయన సంగతి చెప్తే రైతు తల గోక్కున్నాడు. "ఇప్పుడా? పెనంలో పాకం వస్తా ఉండాది కదన్నా. రసం ఆగితే ఎట్ట?"

"ఈ పెనం దించేదాకా ఉంటాం," అన్నాను.

ముప్పావు గంట కూర్చున్నాం. నా జీవితంలో అంత పొడుగైన ముప్పావు గంట లేదు. పెనం దించి, పాకం చెక్క తొట్టిలో పోశాక ఇంజను ఆపాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం. మా ఆయన కిరోసిన్ గుడ్డతో పక్క భాగం రుద్దాడు. నూనె, చెరుకు పిప్పి పొడి కలిసి నల్లటి పెచ్చు కట్టి ఉంది. చాకు మొనతో గీరాడు. పలక అంచు మెరిసింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని కాగితం చేతిలో పట్టుకున్నాను.

"చదువుతా, సూసుకో," అన్నాడు.

అక్షరం, అంకె, అంకె. ఆయన ఒక్కొక్కటి చదువుతుంటే నేను కాగితం మీద వేలు జరుపుతున్నాను. చివరి రెండు అంకెల మీద ఇంకా మసి ఉంది. మళ్ళీ గుడ్డ పెట్టి రుద్దాడు.

"ఏడు. రెండు."

నా వేలు కింద కూడా ఏడు, రెండు. నేనేమన్నానో నాకు గుర్తులేదు. రైతు మాత్రం నవ్వాడని గుర్తుంది. ఇంకా వెచ్చగా ఉన్న బెల్లం ముద్ద ఒకటి ఆకులో పెట్టి నా చేతికిచ్చాడు. ఆ ఇంజను తన దగ్గరే ఉందనీ, మా షాపులోనే కొన్నాననీ, తన బిల్లు మీదే నంబరుతో సహా రాసి సంతకం పెట్టాడు. మా బిల్లు కాపీ మీద నేనేమీ రాయలేదు. ఖాళీని ఖాళీగానే ఉంచాను. ఆడిటరు మాట చెవిలో మోగుతూనే ఉంది.

విచారణ రోజు ఆడిటరు, మామ, నేను తిరుపతి ఆఫీసులో అధికారి ఎదుట కూర్చున్నాం. ఆమె నా కంటే ఓ పదిహేనేళ్ళు పెద్దది అయి ఉంటుంది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆడిటరు మొదలుపెట్టబోతే ఆమె నా వంక చూసి, "లెక్కలు రాసేది మీరేనా? మీరే చెప్పండి," అంది.

కాగితాలన్నీ నా ముందుకు జరుపుకున్నాను. తర్వాత నోటీసులోని మొదటి ఇన్‌వాయిస్ పట్టుకుని మొదలుపెట్టాను. ఇది ఇన్‌వాయిస్. ఇందులో తప్పు నంబరు ఇది. ఇది అమ్మినవారి ఉత్తరం, ఇది వారి ఖాతాలో మా పేజీ, ఇవి మా డీడీలు, లారీ రసీదులు. ఈ నంబరు గలవారి వాంగ్మూలం ఇది. ఇందులో ఉన్న మూడు ఇంజన్లు ఇవిగో, మా అమ్మకాల బిల్లుల్లో, ఫలానా రైతులకు. ఆమె పెన్సిలుతో ఒక్కొక్క ఇంజను నంబరు దగ్గరా చిన్న గుర్తు పెట్టుకుంటూ వచ్చింది. రెండో ఇన్‌వాయిస్ దాటేసరికి నా మాట సాఫీగా సాగింది. ఐదోదానికి వచ్చేసరికి ఆమె నా కంటే ముందే నంబరు వెతికి చూపిస్తోంది.

పద్నాలుగోది వచ్చింది.

"ఈ బిల్లులో నంబరు లేదే," అంది.

"రాయలేదు మేడం. నాదే తప్పు. ఇంజను మాత్రం ఆడనే ఉండాది, నేను పోయి సూసినాను. రైతు రాసిచ్చిన కాగితం ఇదిగో."

ఆమె మా బిల్లునూ, రైతు కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "ఇక్కడ మీరే ఒక నంబరు రాసేసి తెచ్చి ఉంటే నాకు తెలిసేది కాదు," అంది.

అన్ని కాగితాలూ తీసుకుని, నెల్లూరు ఆఫీసు నుంచి రెండు సంగతులు రావాలని చెప్పింది. ఆ ఆరు అమ్మకాల మీద పన్ను కట్టి ఉన్నట్టు, అవి మా నంబరు కిందికి సవరించినట్టు. అవి వచ్చాకే ఉత్తర్వు. మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నెల్లూరు గుమాస్తా నాకు రెండుసార్లు ఫోను చేశాడు, తమ అధికారి వచ్చి పుస్తకం చూసుకుపోయాడని ఒకసారి, జవాబు తిరుపతికి పోయిందని ఇంకోసారి. రెండోసారి ఆయన గొంతులోనూ నా గొంతులోనూ ఒకే హుషారు.

ఉత్తర్వు వచ్చిన రోజు అదే అటెండరు వచ్చాడు. నేను నిలబడే చదివాను. ఆరు ఇన్‌వాయిస్‌ల మీదా క్రెడిట్ అనుమతించడమైనది, ప్రతిపాదన విరమించడమైనది. మామ పైకి చదవమన్నాడు. చదివాను. తెలుగులో చెప్పమన్నాడు. చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు. అప్పుడు షాపులో ఉన్న రైతులకు కూడా ఆయనే మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు, నెట్ సెంటరు దగ్గర్నుంచి.

నేను లోపలికి వెళ్ళి పులికాట్ పెద్దాయనకు ఫోను చేశాను. ఆయన ఎత్తాడు. మా ఉత్తర్వు సంగతి చెప్పాను.

"నాదీ నిన్ననే కొట్టేసినారమ్మా," అన్నాడు. "నీకు చెప్పాలని నంబరు కోసం పొద్దున్నుంచీ వెతుకుతున్నా."